హో జాయేగా: జుగాడ్, టైంపాస్ ఇంగ్లీషులో ఎందుకు ఒదగవు

అందరికీ నమస్కారం. నేను భాషాశాస్త్రవేత్తను కాను. హిందీ నుంచి ఇంగ్లీషులోకీ, తెలుగులోకీ సబ్‌టైటిల్స్ రాసుకుని బతికేవాణ్ణి. అందుకని హిందీలో రోజూ వినబడే జుగాడ్, టైంపాస్ అనే ఈ రెండు మాటల గురించి నాకు పుస్తకాల కన్నా పనిలో పడ్డ తంటాల వల్లే ఎక్కువ తెలిసింది. జుగాడ్ అనగానే పంజాబ్ ధాబాల్లో వాషింగ్ మెషీన్లో లస్సీ చిలికే కథ చెబుతానని మీలో కొందరు ఎదురుచూస్తూ ఉంటారు. అది మీరందరూ వినే ఉంటారు, దాన్ని వదిలేద్దాం.

కొన్నేళ్ల కింద ఒక డాక్యుమెంటరీకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాశాను. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఒక చిన్న ఊరు, పెళ్లి ఇల్లు. బరాత్, అంటే మగపెళ్లివారి ఊరేగింపు, గుమ్మం దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్ వేశారు. అది మనవైపు ఆయిల్ ఇంజన్ అంటామే, ఆ రకం ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజన్. దాని చక్రం నుంచి బెల్టు వెళ్లి పక్కనున్న ఆల్టర్నేటర్‌ని తిప్పుతుంది. పది నిమిషాలకు ఆ బెల్టు తెగింది. చీకటి.

పెళ్లికూతురి తాత చీకట్లో అడుగుతాడు: "అబ్ క్యా హోగా?" ఇప్పుడేమవుతుంది అని. మెకానిక్ కుర్రాడు టార్చ్ నోట్లో పెట్టుకుని వంగి ఉన్నాడు. టార్చ్ తీసి అంటాడు: "కుఛ్ జుగాడ్ హో జాయేగా, దాదాజీ." ఉన్నవాటితోనే ఏదో ఒక ఏర్పాటు అయిపోతుంది తాతా అని.

కెమెరా అక్కడి నుంచి వీధిలోకి తిరుగుతుంది. మగపెళ్లివారు నలుగురు అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. కెమెరా పట్టుకున్నాయన ఏం చేస్తున్నారని అడుగుతాడు. వాళ్లలో ఒకాయన పొట్టు ఊదుకుంటూ: "కుఛ్ నహీ, టైంపాస్ హో రహా హై." ఏమీ లేదు, టైంపాస్ అవుతోంది అని.

ఇవే నా రెండు వాక్యాలు. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో వరుసకు మహా అయితే 42 అక్షరాలు పడతాయి. వివరణలకు చోటుండదు, కింద ఫుట్‌నోటు పెట్టలేం. ఈ రెండింటి మీద నేను మూడు రోజులు కూర్చున్నాను.

ముందు మొదటిది. "వుయ్ విల్ మేనేజ్" అని రాశాను. చూస్తే అందులో నిట్టూర్పు వినిపిస్తోంది. లేనిదాంతో సర్దుకుందాం అన్నట్టుంది. కుర్రాడి గొంతులో నిట్టూర్పు లేదు, కొంచెం హుషారు ఉంది. తర్వాత "ఐ విల్ రిగ్ సమ్‌థింగ్ అప్" అని రాశాను. పని కనబడింది, కానీ "ఐ" అని మధ్యలో వీడొచ్చి నిలబడ్డాడు. కుర్రాడు నేను చేస్తాను అనలేదు. ఆ తర్వాత "ఇట్ విల్ వర్క్ అవుట్". ఇందులో వీడు లేడు, బాగానే ఉంది, కానీ చెయ్యీ లేదు. దేవుడి మీద భారం వేసి కూర్చున్నవాడు కూడా ఇదే మాట అంటాడు. మా కుర్రాడి చేతిలో అప్పటికే కత్తి ఉంది.

ఎక్కడ చిక్కు పడిందో అప్పుడు అర్థమైంది. జుగాడ్ అనే నామవాచకం నిండా చేతిపని. వెతకడం, కోయడం, కట్టడం, బిగించడం. "హో జాయేగా" అనే క్రియలో మనిషే లేడు. చేసేవాడి పేరెత్తకుండా పని అయిపోతుంది. చేతులు ఉంటాయి, మనిషి ఉండడు. ఇంగ్లీషుకు ఈ రెండూ విడివిడిగా వచ్చు. ఒకే వాక్యంలో, ఒకే ఊపిరిలో కలపమంటే దానికి కష్టం.

మనకు అంత కష్టం లేదు, గమనించారా? హిందీలో హోనా, కర్‌నా అన్నట్టు మనకు అవడం, చేయడం ఉన్నాయి. వాళ్లు "హో" పక్కన "జానా" చేరుస్తారు. జానా అంటే పోవడం. మనమూ "అయి" పక్కన "పోవడం" చేర్చి "అయిపోతుంది" అంటాం. హో జాయేగా, అయిపోతుంది. ముక్కకు ముక్క సరిపోయింది. చివర "లే" తగిలించి "అయిపోతుందిలే" అంటే ఆ కుర్రాడి గొంతు కూడా వచ్చేసింది. తెలుగు సబ్‌టైటిల్‌కి నాకు పట్టింది అర నిమిషం. క్రియ మనకుంది. జుగాడ్‌కి అంత గుండ్రటి నామవాచకం మాత్రం మనకూ లేదని ఒప్పుకోవాలి. ఉపాయం అంటే బుర్రలో ఆగిపోతుంది, అతుకు అంటే చిన్నబోతుంది. నేను "ఏదో ఒకటి చేస్తే అయిపోతుందిలే తాతా" అని రాశాను.

ఇంతకీ బెల్టు సంగతి. పాత లారీ ట్యూబు తెచ్చారు. పొడుగ్గా మూడు పట్టీలు కోశారు. జడలా అల్లి, రెండు చివర్లనూ ఇనుప తీగతో కట్టారు. ఆ అల్లిక చక్రం గాడిలో కూర్చుంది. ఇంజన్ వేశారు, తిరిగింది. కానీ రబ్బరు సాగుతుంది, అసలు బెల్టులా పట్టు ఉండదు. బరువు పడితే చక్రం మీద జారుతుంది. జారితే రాపిడికి వేడెక్కుతుంది, ఇంకా సాగుతుంది, ఇంకా జారుతుంది. ఆల్టర్నేటర్ వేగం తగ్గి బల్బులు ఎర్రబడతాయి. కుర్రాడికి ఇదంతా తెలుసు. అందుకే ముందుగా గేటు దగ్గర సీరియల్ లైట్లూ, వంటల దగ్గర పెద్ద లైట్లూ తీయించేశాడు. మండపం లైట్లు, ఒక ఫ్యాను ఉంచాడు. తమ్ముణ్ణి ఇంజన్ పక్కన కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పాడు: రబ్బరు కాలిన వాసనొస్తే ఇంకో లైటు తీసెయ్. ఆ జడ తెల్లవారుజాము దాకా తిరిగింది.

ఇది చూశాక ఇంగ్లీషులో దొరికే మాటలన్నీ వరసగా పెట్టుకుని పరీక్షించాను. మేక్‌షిఫ్ట్, బాడ్జ్, క్లూజ్, వర్కరౌండ్, హ్యాక్, జ్యూరీ రిగ్. జ్యూరీ రిగ్ వీటన్నిట్లో నాకు ఇష్టమైనది. అది ఓడల మాట. తుఫానులో తెరచాప కొయ్య విరిగితే ఉన్న కర్రలతో తాత్కాలికంగా ఒకటి నిలబెట్టి రేవు దాకా వస్తారు. రేవులో అసలు కొయ్య వేయిస్తారు. చూడండి, ఆ మాటలో రేవు ఉంది. మిగతా మాటలన్నిట్లోనూ అంతే, వెనకాల ఎక్కడో సరైన వస్తువు ఒకటి నిలబడి ఉంటుంది. ఇది దానికి బదులు. కొన్నిట్లో బదులన్న చిన్నచూపు ఉంది, హ్యాక్ లాంటివాటిలో తెలివి చూపించానన్న గర్వం ఉంది. జుగాడ్‌కి రేవు అక్కర్లేదు. రేపు కొత్త బెల్టు కొన్నా కొంటారు, లేకపోతే ఈ జడే వచ్చే పెళ్లికీ తిరుగుతుంది.

ఈ రేవు లేనితనానికి ఉత్తర భారతంలో ఒక నిలువెత్తు ఉదాహరణ ఉంది. దాని పేరే జుగాడ్. హర్యానా, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పల్లెల్లో తిరిగే బండి అది. పంజాబ్‌లో ఇలాంటిదాన్నే పీటర్ రేహ్‌డా అంటారు, అందులో వాడే పంపు ఇంజన్ పేరు మీద. చెక్క పలకల బల్ల, కింద పాత జీపు ఇరుసులు, స్టీరింగు, గేరుపెట్టె. ముందు, నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్. హ్యాండిల్ వేసి తిప్పితే స్టార్టవుతుంది. పొలంలో పని ఉన్నప్పుడు అదే ఇంజన్ దింపి బోరు దగ్గర పెట్టుకోవచ్చు. దానిమీద గడ్డి వెళ్తుంది, ఇటుకలు వెళ్తాయి, పెళ్లివారు ముప్ఫైమంది వెళ్తారు. బ్రేకుల సంగతి అడక్కండి. పల్లంలో ఆపాలంటే వెనక కూర్చున్నవాడు దూకి చక్రం కింద చెక్కమొద్దు పెడతాడని ఆ ప్రాంతాల వాళ్లే నవ్వుతూ చెబుతారు.

ఈ బండి 2013లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రాజస్థాన్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఒక పక్షంగా ఉన్న కేసు. ప్రశ్న చాలా చిన్నది: జుగాడ్ మోటారు వాహనమా, కాదా? 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 2లోని 28వ క్లాజు మోటారు వాహనం అంటే ఏమిటో చెబుతుంది. రోడ్ల మీద వాడటానికి వీలుగా ఉండి యంత్రబలంతో నడిచేదేదైనా అందులోకి వస్తుంది. పట్టాల మీద నడిచేవి, ఫ్యాక్టరీ ఆవరణల్లో మాత్రమే తిరిగేవి రావు. నాలుగు చక్రాల కన్నా తక్కువ ఉండి, ఇంజను 25 సీసీ దాటనివీ రావు. మన బండికి నాలుగు చక్రాలున్నాయి, ఇంజను 25 సీసీకి ఎన్నో రెట్లు పెద్దది, రోడ్డు మీదే తిరుగుతోంది. కాబట్టి ఇది మోటారు వాహనమేనని కోర్టు తేల్చింది. అంటే రిజిస్ట్రేషన్ కావాలి, ఇన్సూరెన్స్ కావాలి, నడిపేవాడికి లైసెన్సు కావాలి.

నా వృత్తి దృష్టిలో దీన్లో రెండు విశేషాలున్నాయి. మొదటిది, అంత ఇంగ్లీషు తీర్పులో ఆ బండిని జుగాడ్ అనే పిలిచారు. చట్టానికి ఖచ్చితమైన మాటలంటే ప్రాణం. అలాంటి చట్టం కూడా వెతుక్కోకుండా హిందీ మాటనే పెట్టుకుంది. రెండోది ఇంకా ఆసక్తికరం. రిజిస్ట్రేషన్ కాగితంలో మొదట అడిగేవి ఏమిటి? తయారీదారు ఎవరు, ఛాసిస్ నంబరు ఎంత, ఇంజను నంబరు ఎంత. జుగాడ్‌కి తయారీదారు ఎవరని చెబుతాం? ఇరుసులు ఎవరివో, గేరుపెట్టె ఎవరిదో, వెల్డింగ్ ఊళ్లో ఎవరో చేశారు. అది ఎవరూ చేసింది కాదు, అయింది. హో గయా. ఇంగ్లీషు వాక్యం ఎవరు అని అడుగుతుంది, చట్టమూ అదే అడుగుతుంది. సబ్‌టైటిల్ రాస్తూ నేను తిట్టుకున్న ఆ "ఐ" అనే కర్త, ఆ బండి కింద ఎవరైనా పడితే తప్పకుండా కావాలి. ఇన్సూరెన్స్ లేని బండి గుద్దితే నష్టపరిహారం ఎవర్ని అడగాలి? యజమాని దగ్గర ఇచ్చేందుకు ఏమీ ఉండకపోవచ్చు. అందుకే ఈ మాటలోని సంతోషం గురించి మాట్లాడేటప్పుడు నేను కొంచెం తగ్గి మాట్లాడతాను. 2010 తర్వాత మేనేజ్‌మెంట్ పాఠాల్లోకి జుగాడ్‌ని తీసుకెళ్లి సృజనాత్మకత అని పొగిడారు. ఆ పాఠాల్లో చెక్కమొద్దు పట్టుకుని దూకేవాడు పెద్దగా కనబడడు.

ఇంకో సంగతి. "కోయీ జుగాడ్ హై క్యా?" అని ఢిల్లీలో మిమ్మల్ని ఎవరైనా అడిగితే వాళ్లు రబ్బరు ట్యూబు గురించి అడగడం లేదు. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. రైలు టికెట్ కన్ఫర్మ్ కావాలి, పిల్లవాడికి సీటు కావాలి, ఉద్యోగం కావాలి. "ఉస్‌కీ నౌక్‌రీ కా జుగాడ్ హో గయా" అంటే వాడి ఉద్యోగం కుదిరిపోయింది. ఎవరు చెప్పారు, ఎవరికి ఎంత ముట్టింది అని వాక్యంలో ఎక్కడా లేదు. బెల్టు దగ్గర ముద్దొచ్చిన అదే క్రియ ఇక్కడ నోరు మెదపకుండా కూర్చుంది. ఇంగ్లీషులో దీనికి పూర్తిగా వేరే మాటలు వాడతారు. బెల్టుదీ, సిఫార్సుదీ ఒకే మాట అని వాళ్లు అనుకోనైనా అనుకోరు. బ్రెజిల్లో మాట్లాడే పోర్చుగీసులో "జెయిటిన్యో" అనే మాట ఉంది. దానికి ఈ రెండు అర్థాలూ ఉన్నాయి, కాబట్టి ఇదేదో మన ఒక్కళ్ల సొత్తు అని మురిసిపోనక్కర్లేదు.

ఇక వేరుశనక్కాయల ఆయన దగ్గరికి వద్దాం.

టైంపాస్‌లో నవ్వొచ్చే విషయం ఏమిటంటే రెండు ముక్కలూ ఇంగ్లీషే. ఇంగ్లీషువాడికి టైం తెలుసు, పాస్ తెలుసు, టైంపాస్ మాత్రం తెలియదు. వాడి దగ్గర ఇవే ముక్కలు తిరగేసిన మాట ఒకటి ఉంది: పాస్‌టైమ్. కానీ అది పెద్దింటి మాట అయిపోయింది. తోటపని, స్టాంపులు పోగేయడం లాంటి శ్రద్ధగల వ్యాపకం. టైంపాస్‌లో శ్రద్ధ పెడితే అది టైంపాస్ కాదు. పోనీ "కిల్లింగ్ టైమ్" అందామా? కాలాన్ని చంపడం. అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి చేతికి ఊరికే కత్తి ఇచ్చినట్టుంటుంది. "వేస్టింగ్ టైమ్" అంటే లెక్కలు అడిగే యజమాని ఎక్కడో ఉన్నాడు. "టైంపాస్ హో రహా హై" అంటే కాలం దాని దారిన అది పోతోంది, మేం పక్కన కూర్చున్నాం. మళ్లీ చూడండి, అదే హోనా. ఇది కూడా మనకు కొత్త కాదు. పొద్దు పోవడం లేదు అంటాం. పొద్దు పోవాలి, మనం తొయ్యం. గడవడం, గడపడం రెండూ మనకున్నాయి.

ఉత్తరాది రైళ్లలోనూ, ముంబై లోకల్ రైళ్లలోనూ వేరుశనక్కాయలు అమ్మేవాళ్లు "టైంపాస్, టైంపాస్" అని అరుస్తూ వస్తారు. సరుకు పేరు చెప్పరు, అది చేసే పని చెబుతారు. ఎక్కువగా తొక్క తీయని కాయలే ఎందుకు టైంపాస్ అవుతాయో నేను చాలాసార్లు ఆలోచించాను. ఒలిచిన గింజలు పిడికెడు నోట్లో వేసుకుంటే నిమిషంలో అయిపోతాయి, అది తిండి. కాయ అయితే బొటనవేలితో నొక్కాలి, పగలాలి, గింజ దులపాలి, పొర నలపాలి, ఊదాలి. ఒకటి పుచ్చు కాయ తగులుతుంది, మొహం చిట్లిస్తారు, పక్కవాడు నవ్వుతాడు, మాట కలుస్తుంది. డబ్బులిచ్చి కొంటున్నది గింజని కాదు, తొక్కని. చేతికి పని ఉంటుంది, మనసుకు ఉండదు. బెల్టు అల్లే కుర్రాడికీ, అరుగు మీద ఆయనకీ ఈ ఒక్క చోట పోలిక ఉంది: ఇద్దరి చేతులూ కదులుతున్నాయి, ఇద్దరి వాక్యాల్లోనూ "నేను" లేడు.

టైంపాస్‌తో అందరూ నవ్వుతారనుకుంటే పొరపాటు. "వో తో బస్ టైంపాస్ కర్ రహా థా", వాడు ఊరికే టైంపాస్ చేశాడంతే, అని ఒక అమ్మాయి ప్రేమించినవాడి గురించి అందంటే అది ఏడుపే. అక్కడ హోనా పోయి కర్‌నా వచ్చింది చూశారా? వాడు చేశాడు. నేరం మోపాలంటే హిందీకి కూడా కర్త కావాలి.

మీరట్ కాలేజీల్లో చదువుకున్న కుర్రాళ్ల దగ్గర ఈ మాట ఇంకో రంగులో ఉంది. క్రెయిగ్ జెఫ్రీ అనే భౌగోళిక శాస్త్రవేత్త అక్కడ వాళ్లతో గడిపి 2010లో ఒక పుస్తకం తెచ్చారు. ఒక డిగ్రీ మీద ఇంకో డిగ్రీ, ప్రభుత్వ ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపు, పగలంతా టీకొట్టు దగ్గర. ఏం చేస్తున్నారంటే టైంపాస్ అనేవారు. ఇంగ్లీషులో రాసిన ఆ పుస్తకానికి ఆయన పెట్టిన పేరు కూడా టైంపాస్ అనే. సుప్రీంకోర్టు జుగాడ్‌తో చేసిన పనే ఆయన దీంతో చేశారు. ఇక్కడ ఈ మాట సరదా కాదు, కొంచెం కవచం. నిరుద్యోగిని అంటే అవమానం. టైంపాస్ అవుతోంది అంటే కాలం పోతోంది, పోనిచ్చింది ఎవరో చెప్పనక్కర్లేదు. నవ్వుతూనే అంటారు, ఆ నవ్వు ఇంగ్లీషులో రాయబోతే వెటకారంగానైనా తేలుతుంది, ఏడుపుగానైనా తేలుతుంది.

ముందు వరసలో ఒకరు చెయ్యెత్తుతున్నారు. ఆ, అడగండి... ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులు ఈ మాటల్ని చేర్చుకున్నాయి కదా, ఇక ఇంగ్లీషులో లేవని ఎలా అంటారు అని అడుగుతున్నారు. నిజమే, చేర్చుకున్నారు. కానీ ఏం చేర్చుకున్నారు? నామవాచకాన్ని. జుగాడ్ వెళ్లింది, దాని వెంట హో జాయేగా వెళ్లలేదు. ఇంగ్లీషు వ్యాసాల్లో చూడండి, ఎవరో ఒకరు జుగాడ్ "యూజ్" చేస్తూ, "అప్లై" చేస్తూ ఉంటారు. అక్కడికి వెళ్లేసరికి అది పనిముట్టు అయిపోయింది.

సరే, నా సబ్‌టైటిల్స్ ఏమయ్యాయో చెప్పి దిగిపోతాను. తాతకు చెప్పిన జవాబుని చివరికి "జుగాడ్. ఇట్ విల్ గెట్ డన్" అని రాశాను. మాటని అలాగే ఉంచి, క్రియకి దగ్గరగా దొరికింది ఇచ్చాను. చూసేవాళ్లకు రెండు నిమిషాల్లో ఆ రబ్బరు జడ తెర మీద కనబడుతుంది, అర్థం దానికే వదిలేశాను. వేరుశనక్కాయల ఆయన దగ్గర ఏమీ రాయలేదు. ఆయన పొట్టు ఊదుతున్నాడు, నవ్వుతున్నాడు, ఎవరికి అర్థం కాదు? నాకు పని ఇచ్చిన సంస్థవాళ్లు ఫైలు వెనక్కి పంపారు, ఫలానా చోట మూడు సెకన్లు సబ్‌టైటిల్ లేదని. వాదించాను, వినలేదు. ఒకే మాట రాసి పంపాను: టైంపాస్. స్పెల్లింగ్ చూసే మెషీన్ దాని కింద ఎర్రగీత గీసింది. గీత అలా ఉండగానే పంపేశాను.